బ్రిటన్ ఫ్యామిలీ విజిట్ వీసా: అబ్బాయి పంపిన ఇన్విటేషన్ లెటర్‌ను అప్‌లోడ్ చేసే ముందు ఎలా సరిచూడాలి

మా పెదనాన్నగారిది ఖమ్మం. హైస్కూల్ టీచరుగా చేసి రిటైరయ్యారు. తమ్ముడు, అంటే ఆయన కొడుకు, ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న జనవరిలో వాడికి బాబు పుట్టాడు. మనవణ్ని చూడాలని పెద్దమ్మ తొందర. తమ్ముడు వాట్సాప్‌లో ఇన్విటేషన్ లెటర్, దానితో పాటు పదకొండు పీడీఎఫ్‌లు పంపి, "అన్నయ్యా, ఒకసారి చూసి అప్‌లోడ్ చేసెయ్" అన్నాడు. ఒకసారి చూస్తే సరిపోలేదు. రెండు సాయంత్రాలు కూర్చోవాల్సి వచ్చింది. మీ ఇంట్లోనూ ఇలాంటి కట్ట వచ్చి ఉంటే, నేను చూసిన వరుసలోనే చెబుతాను.

ముందు ఒక సంగతి. బ్రిటన్ స్టాండర్డ్ విజిటర్ వీసాకు అమెరికా వీసాలాగా కౌంటర్ దగ్గర నిలబెట్టి ప్రశ్నలు అడగడం సాధారణంగా ఉండదు. హైదరాబాద్ వీఎఫ్ఎస్ సెంటర్లో వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు, కాగితాలు పంపిస్తారు, అంతే. నిర్ణయం తీసుకునేది వాళ్లు కాదు, బ్రిటన్ ప్రభుత్వ వీసా అధికారి. ఆ అధికారి పెదనాన్నగారి ముఖం చూడరు, "అదేంటంటే సార్" అని సర్దిచెప్పుకునే అవకాశమూ ఇవ్వరు. ఫారంలో ఒకటి, ఉత్తరంలో ఇంకొకటి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మరొకటి ఉంటే, ఏది నిజమో తేల్చుకోవాల్సిన పని ఆయనకు లేదు. అందుకే సరిచూడటం అంటే ఉత్తరం అందంగా ఉందా లేదా చూడటం కాదు. ఒక కాగితం ఇంకో కాగితాన్ని కాదనకుండా చూడటం.

మొదటి పని: ఉత్తరంలో ప్రతి మాట కింద గీత గీయండి

ఉత్తరాన్ని ప్రింట్ తీయండి. ఆన్‌లైన్ ఫారంలో నింపిన జవాబుల కాపీ కూడా ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి. ఇప్పుడు పెన్సిల్‌తో ఉత్తరంలో నిజమో కాదో తేల్చగలిగిన ప్రతి మాట కింద గీత గీయండి. "మా నాన్నగారు" అన్నది ఒక గీత. "రెండు పడకగదుల ఇల్లు" ఒక గీత. "నెలకు ఇంత జీతం" ఒక గీత. "ఫలానా తేదీ నుంచి" ఒక గీత. ప్రతి గీత పక్కనా రెండు రాసుకోవాలి. దీనికి రుజువు ఏ కాగితం? ఫారంలో ఇదే విషయానికి ఏం జవాబు ఉంది?

తమ్ముడి ఉత్తరంలో నాకు పద్నాలుగు గీతలు వచ్చాయి. వాటిలో ఐదింటికి తేడాలు కనిపించాయి. వాడు అబద్ధం ఏదీ రాయలేదు. మార్చిలో ఉత్తరం రాశాడు, ఏప్రిల్లో ప్రయాణం ప్లాన్ మారింది, ఉత్తరం మాత్రం మారలేదు. అందులో "జూన్ 10 నుంచి మూడు నెలలు" అని ఉంది. ఫారంలో పెదనాన్నగారు జూన్ 14 నుంచి ఆగస్టు 12 అని నింపారు. ఉత్తరమే మార్పించాం, "సుమారు", "దాదాపు" లాంటి మాటలు తీసేసి అవే రెండు తేదీలు పెట్టించాం. ఈ వీసా మీద ఒక్కసారికి మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. అలాగని ఆరు నెలలూ అడగాలనేం లేదు. రెండు నెలలకు వెళ్తుంటే రెండు నెలలే రాయండి.

ఇంటర్నెట్‌లో దొరికే నమూనా ఉత్తరం వాడితే ఇంకో ప్రమాదం ఉంది. తమ్ముడి ఉత్తరం మూడో పేరాలో పెద్దమ్మను "మా అత్తగారు" అని సంబోధించాడు. నమూనా రాసినవాళ్లు అత్తగారిని పిలిచి ఉంటారు. నవ్వొచ్చినా, ఆ వాక్యం అలాగే వెళ్లుంటే ఈ ఉత్తరం అసలు ఎవరిదన్న అనుమానం వచ్చేది.

నోటరీ చేయించాలా, స్టాంపు పేపరు మీద ఉండాలా అని చాలామంది అడుగుతారు. అవసరం లేదు. మామూలు తెల్లకాగితం మీద ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, చిరునామా, ఫోను నంబరు ఇస్తే చాలు.

రెండో పని: ఖర్చు ఎవరిదో ఒక్కటే మాట ఉండాలి

బ్రిటన్ ఇమిగ్రేషన్ నిబంధనల్లో విజిటర్లకు సంబంధించిన భాగాన్ని అపెండిక్స్ వి అంటారు. ప్రయాణం, బస, తిండి ఖర్చులు వేరొకరు భరించవచ్చని అందులో ఉంది, కానీ మూడు షరతులు పెట్టారు. భరించే మనిషికి, వచ్చే మనిషికి నిజమైన సంబంధం ఉండాలి. భరించే మనిషి ఇమిగ్రేషన్ చట్టాన్ని ఉల్లంఘించిన స్థితిలో ఉండకూడదు. ఉన్నన్నాళ్లూ పోషించగలగాలి, పోషిస్తారని నమ్మకం కలగాలి. స్పాన్సర్ కాగితాలన్నీ ఈ మూడింటి కోసమే. ఏ కాగితం చూసినా, ఇది ఈ మూడింటిలో దేనికి పనికొస్తుంది అని అడగండి. దేనికీ కాదంటే పక్కన పెట్టేయండి. తమ్ముడు పంపిన పదకొండులో వాడి ఇంజనీరింగ్ డిగ్రీ, జిమ్ మెంబర్‌షిప్ కాగితం కూడా ఉన్నాయి.

వాడి ఉత్తరంలో "మొత్తం ఖర్చు నేనే భరిస్తాను" అని ఉంది. ఫారంలో మాత్రం పెదనాన్నగారు విమాన టికెట్లకు 1,60,000 రూపాయలు తానే పెట్టుకుంటున్నట్టు రాశారు. ఆయన పద్ధతి అది, కొడుకు డబ్బుతో టికెట్ కొనడం ఇష్టం లేదు. రెండూ మంచి మాటలే కానీ, పక్కపక్కన పెడితే కలవవు. ఫారంలో ఈ ప్రయాణానికి మీరు ఎంత ఖర్చు పెడతారు, వేరే ఎవరైనా ఇస్తున్నారా, ఎంత ఇస్తున్నారు, ఎందుకు అని విడివిడిగా అడుగుతారు. కాబట్టి ఉత్తరంలోనూ విడగొట్టి రాయించాను. "టికెట్లు నాన్నగారివి. బస మా ఇంట్లోనే, దానికి వేరే ఖర్చు లేదు. తిండి, లోకల్ ప్రయాణాలకు రెండు నెలలకు కలిపి 700 పౌండ్లు నేను పెడతాను." ఇదే 700 ఫారంలో స్పాన్సర్ ఇచ్చే మొత్తం దగ్గర కూడా వేశాం.

మూడో పని: జీతం లెక్క

ఉత్తరంలో "నా జీతం నెలకు 3,500 పౌండ్లు" అని ఉంది. అది నిజమే, ఏడాదికి 42,000. కానీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా పడుతున్నది 2,694. మిగతాది పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, పెన్షన్ కోతల్లో పోతోంది. అక్కడి అధికారికి ఇది తెలియదని కాదు. కానీ ఉత్తరంలో ఉన్న అంకె కోసం స్టేట్‌మెంట్‌లో వెతికితే ఎక్కడా దొరకదు. "కోతలకు ముందు 3,500, చేతికి వచ్చేది 2,694" అని రాస్తే పేస్లిప్‌లో రెండు అంకెలూ కనిపిస్తాయి, స్టేట్‌మెంట్‌లో రెండోది కనిపిస్తుంది.

ఆరు నెలల స్టేట్‌మెంట్, ఆరు పేస్లిప్‌లు తీసుకుని ఒక్కో నెలా జత కలపండి. పేస్లిప్ మీద నికర జీతం ఎంతో, అదే మొత్తం పెన్నీతో సహా ఖాతాలో పడిందా చూడండి. తమ్ముడివి ఐదు నెలలే కలిశాయి. డిసెంబరు జీతం వాడికీ, వాడి భార్యకూ కలిపి ఉన్న జాయింట్ ఖాతాలో పడింది, ఆ స్టేట్‌మెంట్ పెట్టలేదు. అదీ తెప్పించాం. స్టేట్‌మెంట్ మీద ఖాతాదారు పేరు, ఖాతా నంబరు, బ్యాంకు పేరు కనపడాలి. ఫోన్ యాప్‌లో తీసిన స్క్రీన్‌షాట్లలో చాలాసార్లు ఇవి ఉండవు. యాప్‌లోంచే పీడీఎఫ్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అది పంపమనండి.

తర్వాత మిగులు చూడాలి. 2,694లో అద్దె 1,400 పోతుంది. కౌన్సిల్ టాక్స్, కరెంటు, గ్యాస్ కలిపి ఇంకో 330. మిగిలేది 964. ఇందులో ఇంటి ఖర్చులు పోను నెలకు 350 పెద్దవాళ్ల కోసం తీయగలడా? కష్టంగానే ఉంటుంది. కానీ సేవింగ్స్ ఖాతాలో 6,200 ఉన్నాయి, అదీ ఏడాదిగా మెల్లమెల్లగా పేరింది. ఆ స్టేట్‌మెంట్ పెడితే ప్రశ్నే లేదు. ఇంత బ్యాలెన్స్ ఉండాలని నిబంధనల్లో అంకె ఏదీ లేదు. రాబడి, ఖర్చు, చెప్పిన ప్రయాణం ఒకదానికొకటి పొసగాలి.

బ్యాలెన్స్ తక్కువగా కనిపిస్తోందని అక్కడి స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకుని ఒక వారం ఖాతాలో ఉంచుదామనే ఆలోచన మావాడికీ వచ్చింది. వద్దని గట్టిగా చెప్పాను. దరఖాస్తుకు వారం ముందు వచ్చిపడిన 5,000 పౌండ్లు ఖాళీ ఖాతా కంటే చెడ్డగా కనిపిస్తాయి. ఆ డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకు చెప్పగలిగిన జవాబు ఉండదు.

నాలుగో పని: చీటీ డబ్బు సంగతి

ఇదే ప్రశ్న ఇక్కడి వాళ్లకూ వస్తుంది. కొడుకు స్పాన్సర్ చేస్తున్నాడు కదా, మన కాగితాలెందుకు అనుకుంటారు. పోషణకు స్పాన్సర్ సరిపోవచ్చు. కానీ గడువులోగా తిరిగి వెళ్లిపోతారా అన్నది తల్లిదండ్రుల జీవితాన్ని చూసే తేలుస్తారు. "వాళ్లు తప్పక తిరిగి వస్తారని హామీ ఇస్తున్నాను" అని కొడుకు ఎంత గట్టిగా రాసినా, పెన్షన్ స్లిప్‌కు ఉన్న బరువు దానికి లేదు.

పెదనాన్నగారి పెన్షన్ నెలకు 46,000. అది స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా కనిపిస్తోంది, బాగానే ఉంది. అయితే మార్చి 18న ఒక్కసారిగా 4,50,000 పడ్డాయి. అడిగితే "చీటీ పాడానురా" అన్నారు. మనకు అది ఒక్క మాటతో అర్థమైపోతుంది. ఇంగ్లండ్‌లో కూర్చున్న అధికారికి అది ఎక్కడిదో తెలియని పెద్ద మొత్తం. అదృష్టం ఏంటంటే అది రిజిస్టర్డ్ చిట్ కంపెనీ చీటీ. పాస్‌బుక్, పాట పాడిన తర్వాత కంపెనీ ఇచ్చిన చెల్లింపు కాగితం రెండూ ఉన్నాయి. వాటి కాపీలు పెట్టి, స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ ఏ పేజీలో ఉందో చెబుతూ నాలుగు లైన్ల వివరణ పెదనాన్నగారి సంతకంతో జత చేశాం. నెలనెలా కట్టిన వాయిదాలు కూడా అదే ఖాతాలోంచి పోయాయి, అదీ రాశాం.

వీధిలో తెలిసినవాళ్ల దగ్గర వేసిన చీటీ అయితే కాగితం ఉండదు. అప్పుడు ఆ డబ్బును మీ ఆర్థిక బలంగా చూపించకండి. వచ్చిన మాట దాచకుండా వివరణలో రాసి, ప్రయాణానికి ఆ డబ్బు మీద ఆధారపడటం లేదని పెన్షన్, ఎఫ్‌డీలతో చూపించండి. పొలం అమ్మితే సేల్ డీడ్, ఎఫ్‌డీ తీస్తే క్లోజర్ రసీదు, ఇలా పెద్ద మొత్తం ఏది పడినా పక్కన ఒక కాగితం ఉండాలి.

ఐదో పని: ఎందుకు వస్తున్నారన్న వాక్యం

నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. తమ్ముడి ఉత్తరంలో ఈ అర్థం వచ్చే వాక్యం ఉంది: "నా భార్య జులైలో మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది, అప్పటినుంచి బాబును అమ్మ చూసుకుంటుంది."

మన ఇళ్లలో ఇంతకంటే మామూలు మాట ఉండదు. కానీ విజిటర్‌గా వెళ్లినవాళ్లు పని చేయకూడదు. బంధువు వచ్చి పిల్లల్ని చూసుకోవడాన్ని అక్కడి అధికారుల మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి, అయితే అది కొద్దికాలపు సందర్శనగా ఉండాలి, ఆయాగా పెట్టుకున్నట్టు ఉండకూడదు. తమ్ముడి వాక్యం చదివితే కోడలి ఉద్యోగం సాగడానికి అత్తగారే ఏర్పాటు అన్నట్టు ఉంది. పైగా మొదటి ఉత్తరంలో మూడు నెలలన్నాడు. ఆగస్టు తర్వాత బాబును ఎవరు చూస్తారన్న ప్రశ్న వెంటనే వస్తుంది, దాని వెనకే పెద్దమ్మ అసలు తిరిగి వస్తుందా అన్నదీ వస్తుంది.

ఇక్కడ వాక్యం మార్చడం అంటే నిజాన్ని దాచడం కాదు. అందుకే ముందు తమ్ముణ్ని సూటిగా అడిగాను, జులై నుంచి అసలు ఏర్పాటు ఏంటని. బాబుకు నర్సరీలో అప్పటికే సీటు తీసుకున్నారు, జులై మొదటి వారం నుంచి పంపుతారు. అది వాడికి చెప్పుకోదగ్గ విషయం అనిపించక రాయలేదు. ఆ నర్సరీ ఇచ్చిన కన్ఫర్మేషన్ లెటర్ జత చేశాం. ఉత్తరంలో "మనవణ్ని చూడటానికి, మాతో కొన్నాళ్లు ఉండటానికి వస్తున్నారు, బాబు జులై నుంచి నర్సరీకి వెళ్తాడు" అని రాయించాం. ఒకవేళ నర్సరీ ఏర్పాటు లేకుండా నిజంగానే అమ్మ మీదే ఆధారపడాలని అనుకుంటూ ఉంటే, ఉత్తరం కాదు, ప్లానే మార్చుకోవాలి.

ఆరో పని: అబ్బాయి స్టేటస్

పాత నమూనాలు, పాత చెక్‌లిస్టులు అన్నీ "బీఆర్‌పీ కార్డు రెండు వైపులా కాపీ" అంటాయి. అక్కడ ఉండటానికి అనుమతి ఉందని చూపే ఆ కార్డులు చాలావరకు 2024 డిసెంబరు 31తో ముగిశాయి. ఇప్పుడు అంతా ఆన్‌లైన్‌లో ఉండే ఈవీసా. తమ్ముడు గడువు తీరిన కార్డు కాపీయే పంపాడు. ఆ కార్డు పోయినంత మాత్రాన వీసా పోలేదు కానీ, కాగితం చూసేవాళ్లకు కనిపించేది మాత్రం ముగిసిన తేదీయే.

స్పాన్సర్‌ను gov.uk సైట్‌లో తన ఖాతాలోకి వెళ్లి, స్టేటస్ కనిపించే పేజీని పీడీఎఫ్‌గా తీసి పంపమనండి. ఆ స్టేటస్‌ను వేరేవాళ్లు ఆన్‌లైన్‌లో చూసుకునేందుకు షేర్ కోడ్ కూడా తీయవచ్చు, అది 90 రోజులు పనిచేస్తుంది. కాబట్టి ఫిబ్రవరిలో తీసిన కోడ్‌ను జూన్‌లో పెట్టకండి. ఆ పేజీలో పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో కలిశాయా, వీసా ఏ తేదీ వరకు ఉందో చూడండి. ఆ తేదీ తల్లిదండ్రులు తిరిగొచ్చే తేదీకంటే ముందే ఉంటే, రెన్యువల్‌కు పెట్టిన రుజువు ఉండాలి, ఉత్తరంలో ఆ విషయం ఒక వాక్యంలో చెప్పాలి.

ఇంటి కాగితాల్లో పెద్దగా చిక్కు రాలేదు. అద్దె ఒప్పందం మీదున్న చిరునామా, ఉత్తరం మీది చిరునామా, బ్యాంకు స్టేట్‌మెంట్ మీది చిరునామా ఒకటేనా చూడండి. ఇల్లు మారినవాళ్లలో బ్యాంకుకు చెప్పడం మర్చిపోయేవాళ్లు ఎక్కువ. అద్దె ఇల్లయితే ఇద్దరు బంధువులు రెండు నెలలు ఉంటారని ఓనరు ఒప్పుకున్నట్టు చిన్న ఈమెయిల్ ఉంటే మంచిది.

ఏడో పని: పేర్లు

తెలుగువాళ్ల పేర్లతో తంటా తప్పదు. ఇంటిపేరు ఒక కాగితంలో పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది. బంధుత్వానికి బర్త్ సర్టిఫికెట్ ఉంటే నిశ్చింత. తమ్ముడు పుట్టినప్పుడు ఎవరూ తీయలేదు. అప్పుడు పనికొచ్చేది మన పాస్‌పోర్టు చివరి పేజీ, అక్కడ తండ్రి పేరు, తల్లి పేరు ఉంటాయి. తమ్ముడి పాస్‌పోర్టులో పెద్దమ్మ పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఆవిడ పాస్‌పోర్టులో అత్తింటి ఇంటిపేరుతో. ఇద్దరూ ఒకరేనని చూపడానికి ఆవిడ పాస్‌పోర్టు చివరి పేజీ కాపీ, భర్త పేరు ఉన్నది, తమ్ముడి పదో తరగతి సర్టిఫికెట్ జత చేసి, ఉత్తరంలోనే ఒక వాక్యం రాయించాం.

తెలుగులో ఉన్న ఏ కాగితమైనా, పట్టా పుస్తకం కావచ్చు, పంచాయతీ రసీదు కావచ్చు, పూర్తి ఇంగ్లీషు అనువాదంతోనే పెట్టాలి. అనువాదం కింద నాలుగు ఉండాలి. ఇది మూలానికి సరైన అనువాదమని ఒక మాట, తేదీ, అనువాదకుడి పూర్తి పేరుతో సంతకం, ఆయన్ను సంప్రదించే వివరాలు. మాకు మొదట అనువాదం చేసిన ఒక సెంటర్ వాళ్లు గుండ్రటి స్టాంపు పెద్దది వేసి పేరు రాయలేదు. మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

చివరగా ఫారం మీదికి

కాగితాలన్నీ సరిచేశాక ఫారాన్ని ఇంకోసారి మొదటి నుంచి చదవండి. సబ్మిట్ చేశాక మార్చుకోలేరు. ముఖ్యంగా, ఇంతకుముందు ఏ దేశం వీసా అయినా తిరస్కరించారా అన్న ప్రశ్న దగ్గర ఆగి పెద్దవాళ్లను నోటితో అడగండి. పెదనాన్నగారు "లేదు" అని నింపేశారు. పెద్దమ్మ వంటింట్లోంచి "2016లో చిన్నోడి దగ్గరికి అమెరికా వీసాకి వెళ్తే ఇవ్వలేదుగా" అని గుర్తుచేసింది. ఆయన దాన్ని లెక్కలోకే తీసుకోలేదు, హైదరాబాద్ వెళ్లి అరగంటలో తిరిగొచ్చిన పనిగానే గుర్తుంది. పాత తిరస్కరణ చెబితే వీసా ఆగిపోవాలనేం లేదు. మోసపూరితంగా దాచారని తేలితే మాత్రం ఈ వీసా పోవడమే కాదు, పదేళ్ల పాటు మళ్లీ పెట్టినవీ తిరస్కరించే వీలుంది.

జవాబును "అవును"గా మార్చి, ఏడాది, దేశం, వీసా రకం రాశాం. విమాన టికెట్లు మాత్రం అప్పుడే కొననివ్వలేదు. వెనక్కి రాని టికెట్లు వీసా చేతికొచ్చే దాకా ఆగాలి. ఖర్చు దగ్గర వేసిన 1,60,000 ఆ వారం ధర చూసి వేసిన అంచనా, పెదనాన్నగారి స్టేట్‌మెంట్‌లో ఆ డబ్బు చీటీ సొమ్ముతో పని లేకుండానే ఉంది.